గ్రహదృష్టి: కుజ గురు శనుల విశేషదృష్టులు, పాశ్చాత్య పద్ధతితో వాని భేదము

బెంగుళూరు నగరమున జ్యోతిషము రెండు భాషలలో పెరిగినది. ఒకవైపు తెలుగు, కన్నడ పంచాంగములు, ఇంటింటి జాతకచక్రములు. మరొకవైపు ఇంగ్లీషు గ్రంథములు, పత్రికలు. బి. సూర్యనారాయణరావుగారు 1895లో ‘ది ఆస్ట్రలాజికల్ మ్యాగజైన్’ అను ఇంగ్లీషు పత్రికను స్థాపించిరి. ఆయన మనుమడు బి. వి. రామన్‌గారు (1912-1998) దానిని 1936లో పునరుద్ధరించిరి. ఆ పత్రిక 2007 వరకు వెలువడినది. ఇట్టి రచనల వలన మన శాస్త్రము పరభాషీయులకు తెలిసెను. అయితే ఇంగ్లీషున ‘ఆస్పెక్ట్’ అను ఒక్కమాటయే మన దృష్టికిని, పాశ్చాత్యుల కోణసంబంధమునకును వాడుకలోనికి వచ్చుటచే, రెండును ఒకటే యను భ్రమ కొందరికి కలిగినది. ఈ రెండును వేరు. ఒక దానిని మరొకదానిగా గైకొన్నచో ఒకే చక్రమునుండి పరస్పర విరుద్ధములైన ఫలితములు వచ్చును.

ముందుగా మన పద్ధతిని చూతము. మన దృష్టి రాశినుండి రాశికి లెక్కింపబడును. గ్రహమున్న రాశియే ఒకటి; అచ్చటినుండి రాశిక్రమమున ముందునకు ఎంచవలెను. మన దక్షిణదేశపు చతురస్రచక్రమున రాశులు స్థిరముగా నుండును. పై వరుసలో ఎడమనుండి రెండవ గడి మేషము, అచ్చటినుండి కుడిచేతివైపు తిరిగి పోవలెను. గ్రహమున్న గడిని వదలి మరుసటి గడిని ఒకటిగా ఎంచుట క్రొత్తవారు చేయు మొదటి పొరపాటు. అట్లు చేసినవానికి సప్తమము అష్టమమున పడును. గ్రహమునకు సరిగా ఎదుటి గడి ఏడవదిగా వచ్చినచో లెక్క సరియైనదని తెలిసికొనవచ్చును.

వరాహమిహిరుడు బృహజ్జాతకమున దృష్టులను పాదక్రమమున చెప్పెను. ఏ గ్రహమైనను మూడవ, పదవ స్థానములను పాదదృష్టితోను, ఐదవ, తొమ్మిదవ స్థానములను అర్ధదృష్టితోను, నాలుగవ, ఎనిమిదవ స్థానములను ముప్పాతిక దృష్టితోను, సప్తమమును పూర్ణదృష్టితోను చూచును. ఈ మెట్లను చక్కగా గమనించిన యెడల విశేషదృష్టుల స్వరూపము తానే తేటపడును. శనికి పాదదృష్టి స్థానములైన మూడు, పదియు. గురునకు అర్ధదృష్టి స్థానములైన ఐదు, తొమ్మిదియు. కుజునకు ముప్పాతిక స్థానములైన నాలుగు, ఎనిమిదియు పూర్ణములగును. అనగా ఇవి క్రొత్తగా కల్పింపబడిన స్థానములు కావు. అందరికిని కొద్దిపాటిగా నున్న చూపు ఈ మువ్వురిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క జంటయందు నిండినది. వ్యవహారమున జ్యోతిష్కులు పూర్ణదృష్టినే ప్రధానముగా గ్రహించుచున్నారు.

ఇచట మరొక విషయము కలదు. సప్తమదృష్టి పరస్పరము, ఒకరు చూచిన రెండవవారును చూతురు. విశేషదృష్టి అట్లు కాదు. గురుడు ఐదవ ఇంటిలోని గ్రహమును చూచినంత మాత్రమున ఆ గ్రహము గురుని పూర్ణముగా చూడదు. కుజశనుల విషయమున మాత్రము ఒక మినహాయింపు కలదు. కుజునికి నాలుగవ ఇంట శని యున్నచో శనికి కుజుడు పదవ ఇంటివాడగును. అప్పుడు ఇద్దరును ఒకరినొకరు పూర్ణముగా చూచుకొందురు.

ఇక పాశ్చాత్య పద్ధతి. క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలమీ చెప్పిన సంబంధములు కూడ రాశులమీదనే ఆధారపడినవి. ఎదురుగా నుండుట, త్రికోణము, చతురస్రము, మూడవ రాశి సంబంధము అనునవి ముఖ్యములు. తరువాతివారు రాశిని ప్రక్కకు పెట్టి గ్రహముల నడిమి కోణమునే కొలిచిరి. 180, 120, 90, 60 భాగల (డిగ్రీల) కోణములు ప్రధానములు. కోణము సరిగా కుదరకున్నను కొన్ని భాగల హెచ్చుతగ్గులను సాధారణముగా అంగీకరింతురు. ఇచట ప్రతి గ్రహమునకును అవే కోణములు. కుజునకుగాని శనికిగాని ప్రత్యేక హక్కు లేదు. కోణము ఇరువురి నడుమ నుండునది గనుక సంబంధము ఎల్లప్పుడు పరస్పరమే. ఫలము గూడ కోణమును బట్టి నిర్ణయింపబడును: 120, 60 అనుకూలములు; 90, 180 ప్రతికూలములు. మన శాస్త్రమున ఫలము చూచువానిని బట్టి యుండును. శని తృతీయదృష్టి 60 భాగల దూరమున నున్నను అది శనిచూపే. పాశ్చాత్యుల అనుకూలత దానికి అంటదు. కుజుని అష్టమదృష్టి పడు స్థానమును టాలమీ సంబంధమే లేనిదిగా ఎంచెను.

ఒక చక్రమును తీసికొని ఈ భేదమును పరీక్షింతము. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి నాటి భారత స్వాతంత్ర్య చక్రమున, లాహిరి అయనాంశ ప్రకారము, కుజుడు మిథునమున సుమారు 7 భాగలను, శని కర్కాటకమున సుమారు 20 భాగలను, గురుడు తులలో సుమారు 26 భాగలను ఉండిరి. తులనుండి ఎంచగా మిథునము తొమ్మిదవది. కావున గురుడు కుజుని పూర్ణముగా చూచుచున్నాడు. మిథునమునుండి తుల ఐదవది. కుజునకు అచ్చట అర్ధదృష్టియే. ఇది ఏకపక్షమైన పూర్ణదృష్టి. పాశ్చాత్యుని కొలతలో వీరి నడిమి కోణము సుమారు 138 భాగలు. 120కి 18 భాగల దూరము గనుక త్రికోణ సంబంధము లేదు. వారు గౌణముగా నెంచు 135 భాగల కోణమునకు సమీపమే గాని, అట్టి గౌణకోణములకు అంగీకరించు హద్దు చాల చిన్నది.

ఇక శనిగురుల నడిమి కోణము సుమారు 95 భాగలు. పాశ్చాత్యునికిది ‘స్క్వేర్’ అను ప్రతికూల సంబంధముగా కనబడును. మన లెక్కలో శనికి గురుడు నాలుగవవాడు, గురునకు శని పదవవాడు. శని మూడును, ఏడును, పదియు చూచును గాని నాలుగును పూర్ణముగా చూడడు. గురునకు పదవ ఇంట పాదమాత్రమే చూపు. శనిది ముప్పాతిక దృష్టి యగుట నిజమే గాని, పూర్ణదృష్టి ఇరువైపులను లేదు. ఒకే చక్రమున ఒక పద్ధతి చూచిన సంబంధమును రెండవది కానదు. రెండవది చూచినది మొదటిది కానదు.

రాశిని ఆధారము చేసికొనుటవలన మన పద్ధతికి ఒక చిక్కు కలదు. రాశిసంధిని నిర్ణయించునది అయనాంశము. రామన్‌గారు శూన్యాయనాంశ వత్సరముగా క్రీ. శ. 397ను గ్రహించిరి, లాహిరి పద్ధతికి అది క్రీ. శ. 285. అందుచే రామన్ అయనాంశము సుమారు ఒకటిన్నర భాగ తక్కువ, గ్రహస్ఫుటము అంత ఎక్కువ. లాహిరి ప్రకారము సింహమున 29వ భాగలోనున్న గురుడు రామన్‌గారి గణితమున కన్యలో ప్రవేశించును. సింహగురుడు ధనుస్సు, కుంభము, మేషములను చూచును. కన్యాగురుడు మకరము, మీనము, వృషభములను చూచును. ఒక్క దృష్టియు మిగులదు. పాశ్చాత్యుని కోణము మాత్రము మారదు. గ్రహములన్నియు సమానముగా జరుగును గదా. కావున ఏ గ్రహమైనను రాశి చివరి ఒకటిన్నర భాగలో నున్నచో, దృష్టి చెప్పుటకు పూర్వము చక్రమే అయనాంశముతో గణింపబడినదో విచారింపవలెను. పై స్వాతంత్ర్య చక్రమున కుజ గురు శనులు మువ్వురును రాశిచివర అంతటి సమీపమున లేరు గనుక అచ్చట ఈ సందేహము లేదు.

మన శాస్త్రములో కూడ కోణములను కొలుచు శాఖ యొకటి కలదు. అది వర్షఫలములకు సంబంధించిన తాజిక పద్ధతి. అందు దీప్తాంశలు కలవు, దృష్టికి భాగల హద్దులు కలవు. జన్మచక్రమును పరాశర, వరాహమిహిరుల మార్గమున చూచువారు ఆ హద్దులను దీనికి తేరాదు. వర్షచక్రమును చూచువారు విశేషదృష్టులను దానికి తేరాదు. ఏ చక్రమునకు ఏ శాఖయో ముందు నిశ్చయించుకొని, పిదప లెక్క మొదలిడుటయే సరియైన మార్గము.