చక్కెర వేయని పాలకు ఆ తీపి ఎక్కడిది?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఇళ్ళలో పాలంటే ప్రధానంగా గేదె పాలే. రంజాన్ మాసంలో సహరీకి పాలు, పండుగ నాడు షీర్ ఖుర్మా లేని ఇల్లు అరుదు. అయినా ఒక గ్లాసు పాలు త్రాగగానే కడుపు ఉబ్బరించి, విరేచనాలై బాధపడేవారు ప్రతి బంధువర్గంలోనూ కనిపిస్తారు. వీరి కోసం ఇప్పుడు దుకాణాల్లో ‘లాక్టోజ్ లేని పాలు’ దొరుకుతున్నాయి. వాటిని రుచి చూసినవారు అడిగే ప్రశ్నలు రెండు: ఇందులో చక్కెర కలిపారా? ఇందులో వాడే ఎంజైము దేని నుంచి వచ్చింది? ఈ రెండింటికీ సమాధానం ఆ పాల తయారీలోనే ఉంది.

పాలలో సహజంగా ఉండే చక్కెర పేరు లాక్టోజ్. లీటరు పాలలో ఇది సుమారు 50 గ్రాములు ఉంటుంది. గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జంటగా కలిసినదే లాక్టోజ్. చిన్న ప్రేగులోని లాక్టేజ్ అనే ఎంజైము ఆ జంటను విడగొడితేనే అవి రక్తంలోకి చేరతాయి. బాల్యం దాటాక చాలామందిలో ఈ ఎంజైము తగ్గిపోతుంది. అప్పుడు విడిపోని లాక్టోజ్ పెద్ద ప్రేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల చేత పులిసి వాయువును పుట్టిస్తుంది. నీటిని కూడా ప్రేగులోకి లాగుతుంది.

ప్రేగులో జరగవలసిన ఈ పనిని డెయిరీ ముందుగానే పూర్తి చేస్తుంది. ఒక పద్ధతిలో చల్లార్చిన పాలలో లాక్టేజ్ కలిపి, సుమారు 4 నుంచి 8 డిగ్రీల చలిలో దాదాపు ఒక రోజు ఉంచుతారు. 40 డిగ్రీల దగ్గర పని గంటల్లోనే ముగుస్తుంది గానీ, ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. అందుకే చలిలో నిదానంగా చేయడం మేలు. తరువాత పాలను వేడి చేస్తే ఎంజైము నశిస్తుంది. మరొక పద్ధతిలో అధిక ఉష్ణోగ్రతలో శుద్ధి చేసిన పాలలో, ప్యాకెట్టు మూసే ముందు, వడకట్టి క్రిమిరహితం చేసిన ఎంజైమును కలుపుతారు. అప్పుడు ఆ పని ప్యాకెట్టులోనే కొన్ని రోజుల్లో పూర్తవుతుంది.

ఇక తీపి సంగతి. లాక్టోజ్ తీపి సాధారణ చక్కెర తీపిలో ఐదవ వంతు మాత్రమే. గ్లూకోజ్ తీపి సుమారు పదింట ఏడు వంతులు, గాలక్టోజ్ తీపి ఆరు వంతులు. లీటరు పాలలోని 50 గ్రాముల లాక్టోజ్ 10 గ్రాముల చక్కెరంత తీపినే ఇస్తుంది. అది విడిపోతే చెరి 25 గ్రాముల చొప్పున రెండు చక్కెరలు ఏర్పడి, రెండూ కలిసి 30 గ్రాముల పైచిలుకు చక్కెరకు సమానమైన తీపినిస్తాయి. అంటే పైనుంచి ఏమీ కలపకుండానే లీటరుకు నాలుగైదు చెంచాల చక్కెర వేసినట్లు నాలుకకు తోస్తుంది. కనుక ఈ పాలతో షీర్ ఖుర్మా వండేటప్పుడు లీటరుకు 20 గ్రాముల చక్కెర తగ్గించవచ్చు. అయితే విడిపోయిన చక్కెరలు వేడికి పాల మాంసకృత్తులతో త్వరగా కలిసి రంగు మారతాయి. ఎక్కువసేపు మరిగిస్తే పాలు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇది కల్తీ కాదు.

కొందరు మందుల దుకాణంలో లాక్టేజ్ చుక్కలు కొని, ఇంటి పాలలోనే వేసుకుంటారు. మరిగే పాలలో వేస్తే ఎంజైము నశించి ఫలితముండదు. కాచి, పూర్తిగా చల్లార్చిన పాలలో సీసాపై సూచించిన మోతాదు వేసి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచాలి. అదే పాలను చుక్కలు వేయకుండా కొంచెం పక్కన పెట్టి, మరుసటి రోజు రెండూ రుచి చూస్తే తేడా తెలుస్తుంది. తీపి పెరగకపోతే ఎంజైము పని చేయలేదన్నమాట.

ఈ లాక్టేజ్ ఎక్కడిది? జున్ను తయారీలో వాడే కొన్ని ఎంజైములు దూడ కడుపు నుంచి వస్తాయి గనుక సందేహం సహజమే. కానీ పాల పరిశ్రమలో వాడే లాక్టేజ్‌ను ప్రధానంగా క్లూయివెరోమైసెస్ లాక్టిస్ అనే ఈస్టు నుంచి, ఆస్పర్జిల్లస్ జాతి బూజుల నుంచి తీస్తారు. పరిశీలించవలసింది దానికి తోడుగా ఉండే పదార్థాలను. ద్రవరూప ఎంజైమును నిలువ ఉంచేందుకు గ్లిజరాల్ వాడతారు. అది మొక్కల నూనెల నుంచి రావచ్చు, జంతు కొవ్వు నుంచీ రావచ్చు. గొట్టపు మాత్రల పైతొడుగు జెలటిన్ కావచ్చు. అందువల్ల హలాల్ ముద్రను, పదార్థాల పట్టికను చూసి కొనడం మంచిది.

ఈ పాల పరిమితులనూ గుర్తుంచుకోవాలి. ఇందులో చక్కెర తగ్గలేదు, రూపం మాత్రమే మారింది. కనుక మధుమేహం ఉన్నవారు దీనిని మామూలు పాలవలెనే లెక్కించుకోవాలి. పాల మాంసకృత్తులు పడనివారికి ఇది ఉపకరించదు, ఎందుకంటే అవి ఇందులో యథాతథంగా ఉంటాయి. గాలక్టోజ్‌ను శరీరం వాడుకోలేని అరుదైన జన్యువ్యాధి గల శిశువులకు దీనిని ఇవ్వనే కూడదు.