అద్దాలు తీసినా పోని మెరుపు

కళ్లజోడు పెట్టుకున్న ఫొటో ఇచ్చి, అదే మనిషిని అద్దాలు లేకుండా చూపించమని ఏఐని అడిగేవాళ్లు పెరిగారు. ఫ్రేము సులువుగానే మాయమవుతుంది. కానీ కంటి కింద తెల్లటి మరక, ముక్కు మీద సన్నటి గీత, చెంప మీద నీడ తరచూ మిగిలిపోతాయి. మెరుపునూ నీడనూ ఏఐ చర్మంలో భాగమనుకోవడమే ఇందుకు కారణం.

పూత లేని మామూలు అద్దం తన మీద పడిన వెలుగులో దాదాపు 8 శాతాన్ని వెనక్కి కొడుతుంది. ఫ్లాష్ ఎదురుగా పడితే ఆ మాత్రమే చాలు, కనుపాప పూర్తిగా తెల్లబడిపోతుంది. యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉంటే మెరుపు తగ్గుతుంది కానీ ఆకుపచ్చ ఛాయ మిగులుతుంది. తెల్లబడిన చోట కన్ను ఎలా ఉండేదో ఫొటోలో ఆధారమే లేదు కాబట్టి, ఏఐ అక్కడ గీసేది ఊహించిన కన్నే.

మైనస్ 6 పవర్ వాడే పెద్దాయన ఫొటో ఉందనుకుందాం. ఆ అద్దాల వెనక కళ్లు అసలు కంటే సుమారు 7 శాతం చిన్నవిగా కనిపిస్తాయి. చెంప అంచు కూడా అద్దం దగ్గర లోపలికి విరిగినట్టుంటుంది. ఫ్రేమును మాత్రమే చెరిపేస్తే చిన్న కళ్లు, విరిగిన చెంప అలాగే ఉండిపోయి, ఇంట్లోవాళ్లకు ఆయన ఆయనలా అనిపించరు.

అందుకే ముందు మూల ఫొటోనే శుభ్రం చేసుకోవాలి. ఇన్‌పెయింటింగ్‌లో మాస్క్‌ను ఫ్రేముతో ఆపకుండా అద్దాల లోపలి భాగం, చెంప మీది నీడ, చెవి దాకా వెళ్లే కాడలు అన్నీ కప్పేలా వేయాలి. ప్రాంప్ట్‌లో ‘అద్దాలు లేకుండా’ అని రాస్తే కొన్ని మోడళ్లు ‘అద్దాలు’ అన్న మాటనే పట్టుకుంటాయి. కళ్లు, కనుబొమ్మలు ఎలా ఉండాలో వర్ణించి, glasses అన్న మాటను నెగటివ్ ప్రాంప్ట్‌లో పెట్టడం మేలు. మార్పు తీవ్రత మరీ తగ్గిస్తే ఫ్రేము జాడ ఉండిపోతుంది, మరీ పెంచితే మనిషే మారిపోతాడు. మధ్యస్థంగా మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఆ తర్వాత అద్దాల్లేని పాత ఫొటో ఏదైనా పక్కన పెట్టుకుని కళ్ల పరిమాణం సరిచూడాలి.

ఫలితాన్ని పెద్దది చేసి చూడండి. రెండు కళ్లలోని వెలుగు చుక్కలు ఒకే వైపున ఉన్నాయా? చెంప అంచు తెగకుండా సాగిందా? లేకపోతే మాస్క్ సరిపోలేదన్నమాట.

ఇలా చేసిన చిత్రం ఇంటి గోడకు పనికొస్తుంది కానీ గుర్తింపు పత్రాలకు కాదు. అమెరికా వీసా ఫొటోల్లో 2016 నవంబరు 1 నుంచి కళ్లజోడు అనుమతించడం లేదు, ముఖాన్ని కంప్యూటర్లో మార్చిన ఫొటోనూ ఒప్పుకోరు. కాబట్టి మనిషి మన మధ్య ఉండగానే కళ్లజోడు తీయించి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగులో ఒక ఫొటో తీసి దాచుకోండి.