వేడి వచ్చేది కిటికీలోంచి కాదు

హైదరాబాద్‌లో పైఅంతస్తు అద్దె ఫ్లాటులో కాపురం పెట్టిన ఓ కొత్త జంట, ఎండలు ముదరగానే కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టింది. తర్వాత కూలర్ కొంది. కిటికీలన్నీ మూసి నడపడంతో ఉక్కపోత పెరిగింది తప్ప నిద్ర పట్టలేదు. ఓ రాత్రి ఆమె స్టూలెక్కి సీలింగ్‌కు చెయ్యి ఆనించింది. గోడలకంటే అదే వేడిగా ఉంది! పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు శ్లాబు, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది.

ఓనరు ఒప్పుకున్నాక డాబా కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేశారు. తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. గది ఏసీలా చల్లబడలేదు గానీ రాత్రి సెగ తగ్గింది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది, దుమ్ము పేరుకుంటే పనితనం తగ్గుతుంది. అందుకే ఏటా మార్చిలోనే మళ్లీ వేయించండి.