జారే సగటు కింద షార్ట్

2019 సెప్టెంబరు 20, శుక్రవారం. నిఫ్టీ ముందురోజు 10,705 దగ్గర ముగిసింది. జూన్ మొదట్లో 12,100 తాకిన సూచీ జులై బడ్జెట్ తరవాత నుంచి కిందికే నడుస్తోంది. విదేశీ మదుపరులు అమ్ముతున్నారు, వాహనాల అమ్మకాలు పడిపోయాయి. ఉదయం పదకొండు కాకముందే పణజీ నుంచి ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. సాయంత్రానికి నిఫ్టీ 569 పాయింట్లు పెరిగి 11,274 దగ్గర నిలిచింది. ఒక్కరోజులో 5.3 శాతం. సోమవారం ఇంకో 326 పాయింట్లు కలిసి 11,600 అయింది.

ఆ వారంలో మార్కెట్ పడుతుందని నమ్మి షార్ట్ చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. చాలామంది పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే చేశారు. పడుతున్న మార్కెట్ కాస్త పైకి లేచి, జారుతున్న సగటు గీత దాపుకి వచ్చి తడబడినప్పుడు అమ్మారు. నాలుగు రోజులు లాభం కళ్లజూశారు. అయిదో రోజు ఎవరు ఎంత పోగొట్టుకున్నారన్నది గీతను ఎంత బాగా చదివారన్నదాన్ని బట్టి కాక, ఎన్ని లాట్లు అమ్మారు, ఎక్కడ బయటికి వచ్చారు అన్నదాన్ని బట్టి తేలింది.

ముందు షార్ట్ అంటే ఏమిటో చూద్దాం. ధర తగ్గుతుందనుకుని మన దగ్గర లేనిదాన్ని ముందు అమ్మి, తరవాత కొని లెక్క సరిచేసుకోవడం. మన దేశంలో మామూలు మదుపరి నగదు మార్కెట్లో షేరును షార్ట్ చేస్తే సాధారణంగా ఆ రోజే తిరిగి కొనేయాలి. రోజుల తరబడి ఉంచుకోవాలంటే ఫ్యూచర్స్‌లో అమ్మాలి, లేదంటే పుట్ ఆప్షన్ కొనాలి. షేరు కొన్నవాడికి మహా అయితే పెట్టిన సొమ్ము పోతుంది. షార్ట్ చేసినవాడి నష్టానికి ఆ హద్దు లేదు, ఎందుకంటే ధర ఎంతదాకా పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక సగటు గీత. గడిచిన 50 రోజుల ముగింపు ధరలు కూడి 50తో భాగిస్తే వచ్చేదే 50 రోజుల మూవింగ్ యావరేజ్. రేపు కొత్త ముగింపు లెక్కలోకి వస్తుంది, అన్నిటికన్నా పాతది బయటికి పోతుంది. 2019 సెప్టెంబరు మధ్యలో లెక్కనుంచి బయటికి పోతున్నవి జులై మొదటి వారం నాటి 11,900 స్థాయి ముగింపులు. లోపలికి వస్తున్నవి 11,000 స్థాయివి. తేడా 900, దాన్ని 50తో భాగిస్తే 18. అంటే సూచీ ఉన్నచోటే ఉన్నా గీత రోజుకు 18 పాయింట్ల చొప్పున కిందికి దిగుతోంది. జారే సగటు అంటే ఇదే. అప్పుడది 11,200 దాపున ఉంది.

ఆ గీత దగ్గర ర్యాలీలు ఎందుకు ఆగుతాయి? గీతకు మహిమేమీ లేదు. గత రెండు నెలల్లో కొన్నవాళ్ల సగటు ధర సుమారుగా అక్కడే ఉంటుంది. వాళ్లంతా నష్టంలో ఉన్నారు. ధర అక్కడికి తిరిగొస్తే లాభం ఆశించరు, ‘అసలు వస్తే చాలు, బయటపడదాం’ అనుకుంటారు. ఆ అమ్మకాలే ర్యాలీకి అడ్డుపడతాయి. అందుకే ఈ పద్ధతి గీత కిందికి జారుతున్నప్పుడే పనికొస్తుంది. గీత అడ్డంగా సాగుతుంటే నష్టంలో ఉన్నవాళ్లూ లాభంలో ఉన్నవాళ్లూ కలిసిపోయి ఉంటారు. ధర గీతను అటూ ఇటూ దాటుతూ షార్ట్ చేసినవాడి చేతి డబ్బు కొంచెం కొంచెంగా కరిగిస్తుంది.

సెప్టెంబరు 13న నిఫ్టీ 11,076 దగ్గర ముగిసింది. ఆగస్టు 22 నాటి 10,741 నుంచి ఒడుదొడుకులతో పైకి వచ్చిన ర్యాలీ గీతకు ఒకటిన్నర శాతం లోపలి దూరంలోకి చేరింది. అనుభవమున్న ట్రేడరు ఇక్కడ వెంటనే అమ్మడు. పెరుగుతున్నదానికి ఎదురెళ్లకుండా, తడబాటు కోసం చూస్తాడు. అది 16న కనిపించింది. వారాంతంలో సౌదీ చమురు కేంద్రాలపై డ్రోన్ దాడి జరగడంతో చమురు ధర ఎగిరింది, నిఫ్టీ 11,003కి తగ్గి ముగిసింది. ర్యాలీ గీతను తాకకుండానే వెనుదిరిగింది.

ఇప్పుడొక ఊహా ట్రేడరును తీసుకుందాం. పెట్టుబడి 30 లక్షలు. ఒక్క ట్రేడులో ఒక శాతం, అంటే 30,000 మించి పోగొట్టుకోకూడదని నియమం. లెక్క తేలిక కోసం ఫ్యూచర్స్ ధర, సూచీ ఒకటే అనుకుందాం, ఖర్చులు పక్కన పెడదాం. 11,000 దగ్గర అమ్మాడు. స్టాప్ లాస్ 11,200, సగటు గీత ఉన్నచోట. ధర అక్కడికి వస్తే అతను అమ్మడానికి చూపిన కారణమే చెల్లదు కాబట్టి అక్కడ పెట్టాడు. నష్టానికి వదిలిన దూరం 200 పాయింట్లు. అప్పట్లో నిఫ్టీ లాటు 75 కాబట్టి లాటుకు 15,000. రెండు లాట్లు అమ్మొచ్చు. స్టాప్ ఎక్కడో ముందు తేల్చుకుని, ఆ దూరాన్ని బట్టి ఎన్ని లాట్లో లెక్క కట్టాడు. మార్జిన్ ఎంత ఉందో చూసి లాట్లు నిర్ణయించుకునేవాడు ఈ వరసను తలకిందులు చేస్తాడు.

17న సూచీ 10,818కి, 19న 10,705కి దిగింది. దారిలో 10,800 దగ్గర, అంటే వదిలిన దూరమంత లాభం రాగానే, ఒక లాటు తిరిగి కొనేశాడు. 15,000 చేతికొచ్చింది. రెండో లాటు స్టాప్‌ను 11,200 నుంచి తను అమ్మిన 11,000కి దించాడు.

మర్నాడే పన్ను ప్రకటన. నిఫ్టీ నిలువునా లేచింది. అలాంటి వేగంలో స్టాప్ పెట్టినచోటే ఆర్డరు నెరవేరదు. 30 పాయింట్లు పైన కొనాల్సి వచ్చిందనుకుంటే రెండో లాటు మీద 2,250 నష్టం. మొత్తమ్మీద 12,750 మిగిలింది. సగం మూసుకోకుండా, స్టాప్ దించకుండా ఉన్న ట్రేడరుకు ఆ మధ్యాహ్నమే 30,000కు పైగా పోయింది. ‘ఇంత పెరిగింది, తప్పకుండా దిగుతుంది’ అని స్టాప్ తీసేసి సోమవారం దాకా కూర్చున్నవాడికి 600 పాయింట్లు, రెండు లాట్లకు 90,000. ముగ్గురూ ఒకే రోజు, ఒకే ధరకు అమ్మినవాళ్లే.

ఆ శుక్రవారం అంత వేగం ఎక్కడిది? కొత్తగా కొనేవాళ్లది కొంతే. షార్ట్ చేసిన ప్రతివాడూ ఎప్పటికో ఒకప్పటికి కొనాల్సినవాడే. అందరూ ఒకే గీతను చూసి అమ్మారు కనుక అందరి స్టాప్‌లూ ఆ గీత చుట్టుపక్కలే ఉంటాయి. ధర అక్కడికి చేరితే మొదటివాడి స్టాప్ కొనుగోలుగా మారి ధరను పెంచుతుంది, అది రెండోవాడి స్టాప్‌ను తాకుతుంది. స్క్వీజ్ అనేది ఇదే. పద్ధతి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, దాని వెనక గుమిగూడే స్టాప్‌లు కూడా అంత ఎక్కువ. పెద్ద పెద్ద పెరుగుదలలు తరచు పడే మార్కెట్లోనే రావడానికి ఇదొక కారణం. 2020 కరోనా పతనం మధ్యలో ఏప్రిల్ 7న నిఫ్టీ ఒక్కరోజే 8.8 శాతం పెరిగింది.

శుక్రవారం వార్త మార్కెట్ నడుస్తుండగా వచ్చింది, కాబట్టి స్టాప్ పనిచేసింది. అదే ఆదివారం వచ్చి ఉంటే? జర్మనీలో 2008 అక్టోబరు 26, ఆదివారం నాడు పోర్షే కంపెనీ ఒక ప్రకటన చేసింది. తన దగ్గర ఫోక్స్‌వాగన్ షేర్లు 42.6 శాతం ఉన్నాయని, మరో 31.5 శాతంపై ఆప్షన్లు ఉన్నాయని చెప్పింది. లోయర్ శాక్సనీ రాష్ట్రం దగ్గర 20 శాతం పైచిలుకు ఉంది. బజారులో దొరికేవి ఆరు శాతం లోపే, షార్ట్ చేసినవి దానికి రెట్టింపు. శుక్రవారం 210 యూరోల దగ్గర ఉన్న షేరు సోమవారం 520 దగ్గర ముగిసింది, మంగళవారం వెయ్యి దాటింది. 220 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాడికి ఆ ధర దొరకనే లేదు. మార్కెట్ మూసి ఉన్నప్పుడు స్టాప్ లాస్ ఉన్నా లేనట్టే.

అందుకే రాత్రి దాటించే షార్ట్‌కు రెండో లెక్క వేయాలి. గ్యాప్ పడితే ఎంత పోతుంది? మన ట్రేడరు అమ్మిన రోజే అదే నెల గడువున్న 11,300 కాల్ ఆప్షన్ రెండు లాట్లు కొని ఉంటే, ప్రీమియం 40 పాయింట్లు అనుకుందాం, సూచీ గడువునాటికి ఎక్కడికి పోయినా అతని నష్టం 340 పాయింట్ల దగ్గర ఆగేది, రెండు లాట్లకు 51,000. ఇది అతని నియమం కన్నా ఎక్కువ. అంటే అసలు అమ్మాల్సింది ఒకటే లాటు, అప్పుడు గ్యాప్ పడినా నష్టం 25,500. ప్రీమియం ప్రతిసారీ ఖర్చే, లాభాన్ని కొరుకుతుంది. అది వద్దనుకునేవాడు బడ్జెట్, ఎన్నికల ఫలితాలు, రిజర్వ్ బ్యాంకు సమీక్షల ముందు షార్ట్ మూసేయాలి, మిగతా రోజుల్లో లాట్లు తగ్గించాలి. పన్ను ప్రకటన లాంటివి మాత్రం ఏ క్యాలెండరులోనూ ఉండవు.

విడి షేర్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక షేరు ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో తెరిచి ఉన్న కాంట్రాక్టులు మార్కెట్ మొత్తానికి విధించిన పరిమితిలో 95 శాతం దాటితే అది నిషేధ జాబితాలోకి పోతుంది. అప్పుడు ఉన్న పొజిషన్ తగ్గించుకోవడమే తప్ప కొత్తది తీసుకోవడం కుదరదు. షార్ట్‌లు కిక్కిరిసిన షేరులో ఇది కొనుగోళ్లనే మిగులుస్తుంది. ఇక ఫ్యూచర్స్ లేని చిన్న షేరును నగదు మార్కెట్లో పొద్దున షార్ట్ చేసి, అది అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే అమ్మేవాడే దొరకడు. షేరు ఇవ్వలేకపోయినందుకు వేలంలో ఎంత ధర పలికితే అంత కట్టాలి.

స్క్వీజ్ మొదలైందని చెప్పే గుర్తు ఒకటుంది. ధర పెరుగుతూ, తెరిచి ఉన్న ఫ్యూచర్స్ కాంట్రాక్టుల సంఖ్య తగ్గుతుంటే షార్ట్ చేసినవాళ్లు పారిపోతున్నారని అర్థం. ధరతోపాటు కాంట్రాక్టులూ పెరుగుతుంటే కొత్త డబ్బు కొంటోందని అర్థం. మొదటిది చల్లారాక ర్యాలీ మళ్లీ విఫలం కావచ్చు. రెండోదానికి ఎదురు నిలబడటం తెలివి కాదు.

సెప్టెంబరు 20 సాయంత్రానికి సగటు గీత 11,100 పైచిలుకు ఉంది, నిఫ్టీ దానికి 150 పాయింట్లకు పైగా ఎగువన ముగిసింది. అమ్మడానికి చెప్పుకున్న షరతు అక్కడితో చెల్లిపోయింది. సోమవారం 11,600 దగ్గర ‘మరీ పైకెళ్లింది’ అని మళ్లీ షార్ట్ చేసినవాళ్లు ఈ పద్ధతిని పాటించినట్టు కాదు, సొంత కోపంతో అమ్మినట్టు. నవంబరు ఆఖరుకు నిఫ్టీ 12,150 దగ్గర కొత్త గరిష్ఠ స్థాయిలో ముగిసింది.