ఐదు సెకన్ల ఊపు

చిన్న డీసీ మోటార్ వేగాన్ని నిలకడగా ఉంచే పని అది. కాగితం మీద వేసుకున్న పీఐ కంట్రోలర్ లెక్క బాగానే ఉంది. మైక్రోకంట్రోలర్‌లోకి ఎక్కించాక మాత్రం మోటార్ ఐదు సెకన్లకోసారి మెల్లగా వేగం పెంచుకుని, మెల్లగా తగ్గేది. నేను రెండు రోజులు గెయిన్లు మారుస్తూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు.

వేగాన్ని కొలిచే టాకో వోల్టేజీ మీద, కరెంటు సప్లై నుంచి వచ్చే సెకనుకు వంద కంపనాల అల ఉంది. నేను తీసుకుంటున్న శాంపిళ్లు కూడా సెకనుకు వందే. మెయిన్స్ కచ్చితంగా 50 హెర్ట్జ్ ఉండదు; 49.9కి దిగితే ఆ అల 99.8 అవుతుంది. అప్పుడు ప్రతి శాంపిల్ అల మీద కొంచెం కొంచెం జరిగిన చోట పడుతుంది. వందకూ 99.8కీ తేడా 0.2, అంటే ఐదు సెకన్లకో ఊపు. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించేదీ ఇలాగే. దీన్ని ఏలియాసింగ్ అంటారు. లేని ఊపును కంట్రోలర్ నిజమనుకుని సరిదిద్దబోయి, మోటార్‌ని నిజంగానే ఊపింది.

శాంపిల్ తీశాక కోడ్‌లో వడకట్టి లాభం లేదు. అప్పటికే ఆ ఊపు అసలు సంకేతంలో కలిసిపోయి ఉంటుంది. అందుకని ఏడీసీ ముందు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి పైస్థాయి రొదను తగ్గించాను. శాంపిళ్లను సెకనుకు వెయ్యికి పెంచి, పదేసి సగటు తీశాను. పది శాంపిళ్లంటే దాదాపు ఒక పూర్తి అల కాబట్టి దాని ఎగుడుదిగుళ్లు సగటులో చెల్లిపోతాయి.

కంట్రోల్ లెక్క మాత్రం సెకనుకు వందసార్లే ఉంచాను. ఈ లూప్ 5 హెర్ట్జ్ దాకా స్పందించాలి, అంటే దానికి ఇరవై రెట్లు. ఒకసారి ఇచ్చిన ఔట్‌పుట్ తర్వాతి లెక్క దాకా కదలదు కనుక సగటున సగం వ్యవధి ఆలస్యం తప్పదు. సెకనుకు ఇరవైసార్లే లెక్క వేస్తే ఆ ఆలస్యం 25 మిల్లీసెకన్లు, 5 హెర్ట్జ్ ఊపులో ఎనిమిదో వంతు. అంత ఆలస్యానికి లూప్ ఊగిసలాటలో పడొచ్చు.

ఇక ఇంటిగ్రల్. ఎడతెగని గీత కింది వైశాల్యాన్ని మెట్లుగా కూడాలి. బ్రిటిష్ ఇంజినీర్ ఆర్నాల్డ్ టస్టిన్ 1947లో ప్రచురించిన పద్ధతిలో పాత తప్పునూ కొత్త తప్పునూ కలిపి సగటు తీస్తాం; మెట్టుకు బదులు ట్రెపీజియం వస్తుంది. అనుపాత గెయిన్ 2, ఇంటిగ్రల్ గెయిన్ 10, వ్యవధి 0.01 సెకను అయితే, 10 × 0.01 / 2 = 0.05:

```
I = I + 0.05 * (e + e_prev);
u = 2.0 * e + I;
e_prev = e;
```

టైమర్ వ్యవధి మార్చి ఈ 0.05ని మార్చడం మరచిపోతే ఇంటిగ్రల్ గెయిన్ మారిపోతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

అలాగని లెక్కను సెకనుకు పదివేలసార్లకు పెంచేసినా చిక్కే. 0.05 కాస్తా 0.0005 అవుతుంది. పూర్ణాంకాల లెక్కలో `I`ని 1/256 మెట్లలో దాస్తే, తప్పు 3 ఉన్నప్పుడు ప్రతిసారీ కలపాల్సింది 0.003, ఒక మెట్టు 0.0039. భిన్నం కొట్టేయడంతో ప్రతిసారీ సున్నాయే కలుస్తుంది. మోటార్ ఆ మూడు తక్కువతోనే తిరుగుతూ ఉండిపోతుంది.