తప్పు లెక్కను చెరపకుండా పంపండి

నాలుగో తరగతి హోంవర్క్ పుస్తకంలో పదికి పది లెక్కలూ సరిగ్గా ఉంటే ఇంట్లో అందరికీ సంతోషమే. టీచరుకు మాత్రం ఆ పేజీ పెద్దగా ఏమీ చెప్పదు. లెక్క పిల్లవాడికే వచ్చిందా, పక్కన కూర్చుని అమ్మ చెబుతుంటే రాశాడా అన్నది పుస్తకం చూస్తే తెలియదు. స్లిప్ టెస్టులో అదే లెక్క తప్పితే గానీ సంగతి బయటపడదు.

ఇంట్లో సాయం చేయడం తప్పేమీ కాదు. ఆ సాయం ఏ మెట్టు దగ్గర అవసరమైందో టీచరుకు తెలియాలి, అంతే. "మావాడు లెక్కల్లో వీక్, కాస్త చూడండి" అని డైరీలో రాసి పంపితే ఆవిడ ఏం చూడాలి? ఇలా రాసి చూడండి:

"టీచర్ గారికి నమస్కారం. మా బాబు నిన్న 503 − 278కి 375 అని వేశాడు. తప్పని చెప్పకుండా, ఎలా చేశావో చెప్పమన్నాను. '3లోంచి 8 పోదుగా, అందుకని 8లోంచే 3 తీశా' అన్నాడు. పదుల దగ్గరా అంతే, 7లోంచి 0 తీసి 7 వేశాడు. 503 రూపాయల్లో 278 ఖర్చుపెడితే 375 మిగులుతాయా అని అడిగాను. ఖర్చే మూడొందల దాకా ఉంది, అంత మిగలదని తనే అన్నాడు. అప్పుడు ఐదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు ముందు పెట్టాను. ఎనిమిది రూపాయలు ఇవ్వాలంటే వంద మార్చాలన్నాడు. ఒక వందను పది పదులుగా, అందులో ఒక పదిని పది బిళ్లలుగా మార్చుకుని 225 తెచ్చాడు. ఈరోజు 604 − 357 ఇచ్చి నేను పక్కన కూర్చోలేదు. 257 వేశాడు. రెండు తప్పులూ చెరపనివ్వలేదు, పుస్తకంలో అలాగే ఉన్నాయి. అప్పు తెచ్చుకోవడం మీరు ఏ పద్ధతిలో చెబుతున్నారో రాయండి. వాళ్ల తాతయ్య ఇంకోలా చెబుతున్నారు."

ఈ ఉత్తరంలో ఉపయోగపడేవి ఆ రెండు తప్పు జవాబులే. మొదటిది, ప్రతి గడిలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడం. రెండోది అది కాదు. పాత పద్ధతిలోనే చేసి ఉంటే 353 వచ్చేది. ఈసారి వందల దగ్గరికి వెళ్లి అప్పు తెచ్చాడు. సున్నా పది అయింది. ఆ పదిలోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చాక అక్కడ 9 మిగలాలి. వాడు 10గానే ఉంచి 5 తీసేశాడు. అందుకే 247 రావాల్సిన చోట 257 వచ్చింది. అంటే నిన్నటికంటే ముందుకొచ్చాడు, ఒక్క మెట్టు మాత్రం జారింది. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికన్ పరిశోధకులు 1978లో ఇలాంటి తీసివేత తప్పులనే పరిశీలించారు. వీటిలో చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావని, ఏదో ఒక తప్పుడు నియమాన్ని పిల్లలు బుద్ధిగా పాటించడం వల్ల వస్తాయని చూపించారు. అమ్మ రబ్బరుతో చెరిపేస్తే ఆ నియమం జాడ కూడా పోతుంది.

తాతయ్య పద్ధతి కూడా సరైనదే. పైన 3కి పది కలిపి 13 చేసి, దానికి బదులుగా కింద 7ను 8 చేస్తారు. వందల దగ్గరా అలాగే. జవాబు 225 వస్తుంది. కానీ బడిలో పై అంకె తగ్గించమని, ఇంట్లో కింది అంకె పెంచమని చెబితే వాడు ఒకే లెక్కలో రెండూ చేసేస్తాడు. నేర్చుకునే రోజుల్లో ఒక్క దారే ఉండాలి, అది బడిలో చెప్పినదైతే మేలు.

ఇక ఇంట్లో మాట. "సున్నా మీద 9 వేయరా" అంటే జవాబు చేతికిచ్చినట్టే. "ఒకట్లకిచ్చిన పది ఎక్కడిది? ఇచ్చాక అక్కడ ఎన్ని ఉన్నాయి?" అంటే లెక్క ఇంకా వాడి చేతిలోనే ఉంది. మరో చిక్కుంది. తప్పు చేసినప్పుడే "ఎలా చేశావు?" అని అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు ఆలోచించకుండా రబ్బరు అందుకుంటారు. సరైన లెక్కకూ అప్పుడప్పుడూ అడగాలి. ఈ ప్రశ్నకు పెద్ద చదువులూ అక్కర్లేదు, తీసివేత రాని నాయనమ్మ అయినా అడగొచ్చు.

ఎంతసేపు కూర్చోబెట్టాలన్నదానికీ ఒక హద్దుంది. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం మూడు నుంచి ఐదో తరగతి దాకా హోంవర్క్ వారానికి రెండు గంటలు దాటకూడదు. ఒక్క తీసివేత దగ్గరే అరగంట గడిచిపోతుంటే ఆపేసి, ఎక్కడ ఆగాడో గీత గీసి పంపడమే నయం.

నలభై పుస్తకాలు దిద్దే టీచరు నుంచి పెద్ద జవాబు ఆశించలేం. "పదుల దగ్గర 9 సంగతి రేపు చూస్తాను. అందాకా ఇంట్లో సున్నా లేని లెక్కలే ఇవ్వండి" అని డైరీలో రెండు వాక్యాలు చాలు.