ఇద్దరికి వేరే క్రియ

సంస్కృతంలో రామః, రామౌ, రామాః అని వల్లె వేసినవాళ్లకు ద్వివచనం కొత్తేమీ కాదు. 20 లక్షల పైచిలుకు జనాభా ఉన్న స్లోవేనియాలో అది నేటికీ రోజువారీ మాట. ‘వెళ్తున్నాను’కి అక్కడ ‘గ్రెమ్’ అంటారు. వెళ్లేది ఇద్దరమైతే ‘గ్రెవా’, ముగ్గురమో అంతకు మించో అయితే ‘గ్రెమో’. ఇద్దరం అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ చివరి ‘వా’ ఆ పని చేసేస్తుంది.

అనువాదకుడికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తెలుగు కథలో ఎవరో తలుపు తట్టి “నిన్న వచ్చాం” అన్నారనుకోండి. ఎంతమందో, ఆడో మగో తెలియకుండా దీన్ని స్లోవేనియన్‌లో రాయలేం. ఇద్దరు మగవాళ్లయినా, ఆలుమగలయినా ‘ప్రిష్లా స్వా’. ఇద్దరూ ఆడవాళ్లయితే ‘ప్రిష్లి స్వా’. ముగ్గురో నలుగురో ఉండి అందులో ఒక్క మగాడున్నా ‘ప్రిష్లి స్మో’. అందరూ ఆడవాళ్లే అయితే ‘ప్రిష్లె స్మో’. అందుకని ముందు పేజీలు తిరగేసి వచ్చినవాళ్లెవరో తేల్చుకోవాలి. అపరాధ పరిశోధన కథలో రచయిత ఆ సంగతి కావాలనే దాచి ఉంటే, అనువాదకుడు రాసిన క్రియే గుట్టు బయటపెట్టేస్తుంది. అప్పుడు వాక్యాన్నే మార్చి, వచ్చినవాళ్ల ఊసు లేకుండా రాయడం తప్ప దారి లేదు.

అటు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ఇబ్బంది వేరు. ‘గ్రెవా’ అంటే “మనిద్దరం పోదాం” కావచ్చు, “మేమిద్దరం వెళ్తున్నాం” కూడా కావచ్చు. మనకున్న మనం, మేము తేడా ఆ భాషలో లేదు. వింటున్న మనిషి ఆ ఇద్దరిలో ఒకరా కాదా అన్నది సందర్భాన్ని బట్టే తెలుసుకోవాలి. పోనీ ప్రతి వాక్యంలో ‘ఇద్దరం’ అని రాద్దామా అంటే చదివేవాళ్లకు విసుగు. సన్నివేశం మొదట్లో ఒకసారి చెప్పి వదిలేయడమే మేలని నా అభిప్రాయం. కానీ నడుస్తున్న ఇద్దరితో దారిలో మూడో మనిషి కలిస్తే మూలంలో ‘వా’ పోయి ‘మో’ వస్తుంది, మన ‘వెళ్తున్నాం’ మాత్రం అలాగే ఉంటుంది. ఆ చోట ‘ముగ్గురం’ అని తప్పకుండా చేర్చాలి. లేకపోతే కథలో జరిగిన మార్పు మన పాఠకుడికి అందదు.

సంస్కృతం వచ్చినవాళ్లు పొరబడే చోటు ఇంకొకటుంది. కళ్లు, చేతులు, కాళ్లు ఎటూ జంటలే కాబట్టి వాటికి ద్వివచనమే వాడాలనుకుంటారు. స్లోవేనియన్‌లో వీటికి మామూలుగా బహువచనమే. కాళ్లు నొప్పిగా ఉంటే ‘నోగె మె బొలీయో’ అంటారు. ఒకటి కాదు, రెండూ నొప్పే అని నొక్కి చెప్పాల్సినప్పుడే ‘ఒబె నోగి మె బొలీతా’ అని ద్వివచనంలోకి వెళ్తారు.